పడ్డవాని మీద గుడ్డ

సిరిసిల్లలో మా సాలెవాడకు ఏటా ఎండలు ముదరకముందే పర్శరాములు పటం పట్టుకొని వచ్చేవాడు. మా కుల పురాణం చెప్పడం వాళ్ల ఇంటి వృత్తి. పటమంటే మూరల కొద్దీ పొడవున్న గుడ్డ, దాని నిండా అంతస్తులు అంతస్తులుగా బొమ్మలు. బెత్తంతో ఒక్కో బొమ్మను చూపిస్తూ కథ చెప్పి, అయిపోయిన అంతస్తును కర్రకు చుట్టేసి, కింది దాన్ని విప్పేవాడు. మా మూలపురుషుడు భావనారుషి పులినెక్కి కాలవాసురుడనే రాక్షసుడి మీదికి యుద్ధానికి పోయే ఘట్టం వచ్చేసరికి వాడంతా ముందుకు జరిగేది. చంద్రవ్వ ఒక్కతి మాత్రం కొంగు దులుపుకొని లేచి ఇంటికి పోయేది.

ఏటా ఇదే తంతు. చూసి చూసి మాకు అలవాటైపోయింది. "నెత్తురంటే భయం పాపం" అనుకునేవాళ్లం. ఆమె కొడుకు లక్ష్మీరాజం కూడా అట్లాగే అనుకున్నాడు.

నేను చెప్పబోయేది ఈ లక్ష్మీరాజం సంగతి. అతనేమీ గొప్పవాడు కాదు. నా పక్కింటివాడు, నాతోపాటు ఒకే షెడ్డులో పవర్లూం నడిపినవాడు. చిడతలు కొడుతూ ఆడిపాడే చిరుతల భజనకు పాటలు కట్టేది అతను, మద్దెల వాయించేది నేను. నా పేరు అంతయ్య. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని వాడలో పేరు. అబద్ధమేమీ కాదు. అతను మాత్రం ఎంత కోపం వచ్చినా బీడీ వెలిగించుకొని ఊరుకునే రకం. ఇద్దరి మధ్య స్నేహం ఎట్లా కుదిరిందో మా కులదైవం మార్కండేయుడికే తెలియాలి.

అతని తండ్రి బుచ్చిరాములు చేతిమగ్గం మీద పంచెలు నేసేవాడు. 1948 ఎండాకాలంలో పంచెల మూట భుజాన వేసుకొని, గోదావరి దాటి చెన్నూరు దిక్కు అమ్మకానికి పోయాడు. అవి గడబిడ రోజులు. ఎవరో గుర్రాల మీద వచ్చారని, ఆ దారిలో ఒక పల్లె తగలబడిందని, పొగ ఎంతో దూరం కనబడిందని చెప్పినవాళ్లు ఉన్నారు. బుచ్చిరాములును చూశామని చెప్పినవాళ్లు లేరు. మూటా తిరిగి రాలేదు, మనిషీ తిరిగి రాలేదు.

పన్నెండేళ్లు దాటినాక కులపెద్దలు వచ్చి, దర్భలతో బొమ్మ చేసి కర్మ కానిచ్చేద్దామన్నారు. చంద్రవ్వ వినలేదు. "మనిషి యాడ పడ్డడో జెప్పుండ్రి, గప్పుడు ఏడుస్త" అన్నది. బొట్టు తీయలేదు, మెట్టెలు తీయలేదు. దాంతో పెళ్లిళ్లలో వచ్చిన చిక్కు ఇంతా అంతా కాదు. కుంకుమ భరిణె పట్టుకొని వరుసగా వచ్చే ఆడవాళ్లు ఆమె దగ్గరికి రాగానే ఆగిపోయేవారు. పెట్టాలో వద్దో తేలక ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు. చంద్రవ్వ తల వంచుకొని కూర్చునేది. అది చూసినప్పుడల్లా నాకు పెద్దమనుషుల మీద కోపమొచ్చేది, ఆమె మీద కూడా కోపమొచ్చేది. ఎవరి మీద చూపించాలో తెలియని కోపం అది.

1961లో కైలాసం బొంబాయి నుంచి తమ్ముడి పెళ్లికి వచ్చాడు. చిన్నప్పుడు మాతో గోలీలాడినవాడే. వాళ్ల ఇల్లంతా అక్కడి మిల్లులకు వలసపోయింది. ఇతను బొమ్మలు బాగా గీస్తాడని, బొమ్మలను కదిలించి సినిమా తీసే ఒక చిన్న కార్ఖానాలో కుదిరాడు. సబ్బులకు, తలనొప్పి గోళీలకు ఆడే బొమ్మలు వాళ్లు తీసినవే. అక్కడి మన కులసంఘం వాళ్లు భావనారుషి యుద్ధాన్ని పది నిమిషాల బొమ్మల సినిమాగా తీయమన్నారట. కథను సీన్లు సీన్లుగా రాసిచ్చే మనిషి కావాలి.

"ఇంటిల్లిపాది కూసుండి సూడాలె" అన్నాడు కైలాసం. "ముసలోళ్లు, పొల్లగాండ్లు, కడుపుతో ఉన్నోళ్లు, అందరు. నెత్తురు కనబడొద్దు, తల తెగొద్దు. గని యుద్ధం యుద్ధం లెక్కనె ఉండాలె."

"మా అవ్వ గూడ కూసుండి సూస్తదా?" అని అడిగాడు లక్ష్మీరాజం.

"నువ్వు రాసిన దాన్ని బట్టి ఉంటది."

అంతే, ఒప్పుకున్నాడు. ఎంతిస్తారని కూడా అడగలేదు. తల్లి చివరిదాకా కూర్చుండే యుద్ధం ఒకటి రాయాలి, అదొక్కటే అతని పట్టు. సినిమా సంగతి తర్వాత.

మొదటిసారి రాసింది వింటుంటే నాకైతే రోమాలు నిక్కబొడిచాయి. "అప్పుడా దానవుండు క్రోధావేశమున కన్నులెర్రజేసి, ప్రళయకాల మేఘము వలె గర్జించి" అని రాశాడు. కైలాసం నోటికి తువ్వాల అడ్డం పెట్టుకొని నవ్వాడు.

"కోపాన్ని నేను గీయలేనురా రాజం. కోపమొస్తె ఆయినె ఏం జేస్తడో అది రాయి. కండ్లు ఎర్రగైనయట! మనది నలుపు తెలుపు సినిమా."

నాకు ఒళ్లు మండింది. లక్ష్మీరాజం మాత్రం బీడీ వెలిగించుకొని, "మరి ఎట్ల రాయాలె, జెప్పు" అన్నాడు.

పెళ్లి పనులు ఒకపక్క, ఈ పాఠం ఒకపక్క. కైలాసం పాత కాగితాల దస్తా ఒకటి తీసుకొని, ఒక్కో కాగితం మూలన ఒక పులిని గీశాడు. కాగితం కాగితానికీ తోక కొంచెం జరిగింది. బొటనవేలితో జారవిడిస్తే పులి తోక ఊపింది. సినిమాలో ఒక్క సెకనుకు పన్నెండు బొమ్మలు గీసి, ఒక్కోదాన్ని రెండుసార్లు ఫోటో తీస్తారట. కొండ, చెట్టు, మబ్బు కదలవు కాబట్టి వాటిని కాగితం మీద ఒకేసారి గీసి పెట్టుకుంటారు. కదిలే వాటిని మాత్రం గాజులాగా అవతలికి కనబడే పలచని రేకుల మీద గీసి, దాని మీద పరుస్తారు. అందుకే ప్రతి సీనుకూ ముందు రాయాల్సింది కదిలేదేది, కదలనిదేది అని. దూరం నుంచి చూస్తున్నామా, దగ్గర నుంచా అనేది ఆ తర్వాత. ఎవరు ఏ పక్క నుంచి వస్తారో కూడా రాయాలి. రుషి ఎడమ నుంచి వస్తే కథ అయ్యేదాకా అతనిది ఎడమ పక్కే. మధ్యలో మారిస్తే ఎవరు ఎవరి మీదికి పోతున్నారో చూసేవాళ్లకు తెలియదు.

లక్ష్మీరాజం దారిలో పడ్డాడు. రెండోసారి రాసింది ఇట్లా ఉంది:

"కొండ కింద మైదానం. చాలా దూరం నుంచి చూస్తున్నాం. ఎడమ నుంచి పులి మీద రుషి, వేలెడంత. కుడి నుంచి ముందు నీడ వస్తుంది. నీడ మైదానమంతా పరుచుకుంటుంది. ఆ తర్వాత రాక్షసుడి పాదం ఒక్కటే. కదిలేవి పులి తోక, నీడ, పాదం. మిగతావేవీ కదలవు. మద్దెల మెల్లగా."

మద్దెల అన్నచోట నా అవసరం పడింది. అతను చదువుతుంటే నేను వాయించేవాణ్ని, కైలాసం గడియారం చూసుకొని ఏ సీను ఎంతసేపో పక్కన రాసుకునేవాడు. పాదం సీను దగ్గర నేను హుషారెక్కి సాగదీస్తే, "అంతయ్యా, నీ ఒక్క తీన్మారుకు నేను నెల దినాలు బొమ్మలు గీయాలె" అని మొత్తుకున్నాడు.

దెబ్బను ఎట్లా చూపించాలనేది అసలు చిక్కు. ఆయుధం ఆయుధాన్నే తగలాలి, ఒంటిని తగలవద్దు. గద లేచేది చూపించి, పడేది చూపించకుండా చెట్టు మీది కొంగలన్నీ ఒక్కసారి లేచిపోవడం చూపించాలి. ఓటమిని వస్తువుల మీద చూపించాలి. ముందు రాక్షసుడి రథచక్రం ఊడి దొర్లిపోతుంది, తర్వాత గద విరుగుతుంది, తర్వాత కిరీటం పోతుంది. ఒక్కోటి పోయినకొద్దీ రాక్షసుణ్ని కొంచెం చిన్నగా గీయాలి. రథం గుర్రాలు ముందే పగ్గాలు తెంపుకొని పరుగెత్తి, దూరాన గడ్డి మేస్తూ కనబడాలి. పిల్లలు మనుషులకంటే జంతువుల గురించే ఎక్కువ బెంగపడతారని కైలాసం అన్నాడు. పులికి దెబ్బ తగలలేదని మధ్యమధ్యలో తెలుస్తూ ఉండాలన్నాడు. ఒక మొహాన్ని ఉన్నట్టుండి తెర నిండా చూపించడం కూడా వద్దన్నాడు; నెత్తురు లేకపోయినా పిల్లలు జడుసుకునేది దానికేనట.

ఇక చివర. రాక్షసుడు చావాలి, చావడం కనబడవద్దు. ముగ్గురం కూర్చొని తెగ ఆలోచించాం. కైలాసమే ఉపాయం చెప్పాడు. రుషి చెయ్యెత్తుతాడు, తెల్లటి వెలుగు, రాక్షసుడు పొగగా మారి గాలిలో కలిసిపోతాడు, ఖాళీ మైదానం మీద పూలవాన. గీయడం సులువు, చూడడానికి శుభ్రం. అందరం మెచ్చుకున్నాం. అందరికంటే ఎక్కువ మెచ్చుకున్నది నేనే.

ఒక మధ్యాహ్నం చంద్రవ్వ వసారాలో చరఖా ముందు కూర్చొని నూలును కండెలకు చుడుతోంది. లక్ష్మీరాజం ఆమెకు మొత్తం చదివి వినిపించాడు. పక్కన నేను మద్దెల, గుమ్మంలో కైలాసం. మైదానం వచ్చింది, నీడ వచ్చింది, చరఖా తిరుగుతూనే ఉంది. కొంగలు లేచాయి, చక్రం దొర్లింది. చంద్రవ్వ లేవలేదు. గుర్రాలు గడ్డి మేస్తున్నాయని చదివితే, "మంచిగ జేసిండ్రు, మూగజీవాలు" అన్నది. నేను కైలాసం వైపు చూసి కన్ను గీటాను.

పొగ దగ్గరికి వచ్చేసరికి చరఖా ఆగింది.

"గాయినె యేడికి పోయిండు?" అని అడిగింది.

"పొగైండవ్వా. గాలిల కలిసిండు" అన్నాడు లక్ష్మీరాజం.

"గాయినెకు పెండ్లాం ఉన్నదా?"

పురాణంలో ఆ మాట ఎక్కడా లేదు.

"ఉన్నదే అనుకో. పొగైతె గామె ఎవలనడగాలె? యేడ పడ్డడని సూపిస్తరు గామెకు?" అని చంద్రవ్వ లేచి, కొంగు దులుపుకొని, లోపలికి పోయింది.

లక్ష్మీరాజం లేచి లోపలికి వెళ్లాడు. వెనక మేమూ వెళ్లి గడపలో నిలబడ్డాం.

"అవ్వా, నెత్తురు లేకుంట జేసిన గదా. నీ కోసమే జేసిన" అన్నాడు.

"నెత్తురంటె నాకేం భయం బిడ్డా? నిన్ను గన్నదాన్ని" అన్నది చంద్రవ్వ. "పర్శరాములు ఏం జేస్తడు? గాయినె కింద పడంగనే పటం సుట్టేస్తడు. పడ్డోన్ని పడ్డట్టే ఇడిసిపెట్టి సుట్టేస్తడు. ఒక్కలు గూడ గాయిన దగ్గరికి పోరు. గది నేను సూడలేను. నీ బాపును గూడ గట్లనే సుట్టేసిరి."

ఇన్నేళ్లలో ఆమె ఇంత మాట అనడం నేను వినలేదు. ఆ పూట లక్ష్మీరాజం అన్నం తినలేదు, బీడీ కూడా ముట్టలేదు.

తెల్లవారి షెడ్డులో లూముల మోత మధ్య నా చెవి దగ్గరికి వచ్చి, "దొరికిందిరా" అని అరిచాడు. ఏం దొరికిందో సాయంత్రం కైలాసం ముందు చదివాడు.

"రాక్షసుడు మోకాళ్ల మీద కూర్చుంటాడు. కిరీటం లేదు, గద లేదు. ఇప్పుడు మామూలు మనిషంతే ఉన్నాడు. మద్దెల ఆగదు, నెమ్మదిస్తుంది. అతను పడడం చూపవద్దు. పులి మొహం చూపాలి. పులి చూపు పైనుంచి మెల్లగా కిందికి దిగుతుంది. చెవులు వాలుతాయి.

రుషి పులి దిగుతాడు. భుజం మీది తెల్లటి గుడ్డ తీసి విప్పుతాడు. గుడ్డ గాలికి లేచి తెరంతా నిండుతుంది. అది దిగేసరికి మనిషి ఆకారం మీద పరుచుకొని ఉంటుంది. మొహం కనబడదు. కింద మనిషి ఉన్నాడని మాత్రం తెలియాలి.

గుడ్డ కదలడం ఆగినాక అంచు నుంచి రంగు ఎక్కుతుంది. ముందు చారలు, తర్వాత గళ్లు, తర్వాత చుక్కలు. రుషి పక్కనే నిలబడి ఉంటాడు. పులి కూర్చుంటుంది. ఎవరూ తెర విడిచి పోవద్దు."

ఆ రాక్షసుడి నెత్తురు నుంచే మా అద్దకాలకు రంగులు పుట్టాయని మా పురాణం చెబుతుంది. నలుపు తెలుపులో రంగు కనబడదు కనుక చారలుగా, గళ్లుగా రాశాడు. నెత్తురు చుక్క కనబడకుండా నెత్తురు కథ చెప్పాడు. కాని కైలాసం తల పట్టుకున్నాడు.

"గళ్ల గుడ్డ కదులుతుంటె ప్రతి బొమ్మల ప్రతి గడి మల్ల గీయాలె. సచ్చిపోతం!"

"అందుకే గద, ఆగినంక అని రాసిన. కదిలేటప్పుడు తెల్ల గుడ్డనే. ఆగినంక చారలు ఒక రేకు మీద, గళ్లు ఇంకో రేకు మీద గీసి, ఒకదాని మీద ఒకటి మెల్లగ తేలిస్తె రాదా?"

కైలాసం కాసేపు లెక్కలు వేసుకొని, వస్తుందన్నాడు. అయినా ఇంకో అడ్డం చెప్పాడు. "సంఘపోళ్లు ఒప్పుకోరు. రాక్షసునికి గింత మర్యాద ఎందుకంటరు. ఆఖరికి అందరు ఊకనే నిలబడి ఉంటె గది సినిమా ఎట్లైతది?"

లక్ష్మీరాజానికి కోపం రావడం నేను నా జీవితంలో చూసింది ఆ ఒక్కసారే. గొంతు పెంచలేదు కానీ చేతిలోని కాగితాలు నలిగిపోయాయి.

"మనం నేసే ప్రతి గుడ్డ మీద రంగు గాయినెదేనంటరు. గసొంటోనికి ఒక్క గుడ్డ కప్పకపోతె మనం సాలోళ్లం ఎట్లైతం? గీ మాట నీ సంఘపోళ్లకు జెప్పు. ఒప్పుకోకుంటె నా కాగితాలు నాకియ్యి."

కైలాసం కాగితాలు తీసుకొని, నలిగిన చోట చేత్తో సాపు చేసి సంచిలో పెట్టుకున్నాడు.

సినిమా కావడానికి ఏడాదిన్నర పైనే పట్టింది. సంఘంలో పెద్ద రచ్చే అయి, చివరికి ఒప్పుకున్నారని విన్నాం. 1963లో మార్కండేయ జయంతికి కైలాసం ప్రొజెక్టర్ పెట్టె, రీలు పట్టుకొని వచ్చాడు. దీపాలు పెట్టే వేళకు గుడి ముందర తెర కట్టారు. తెర మా షెడ్డులో నేసిన కోరా గుడ్డే. వాడంతా వచ్చి కూర్చుంది. చంద్రవ్వ ఆడవాళ్ల మధ్యలో కూర్చుంది. లక్ష్మీరాజం సినిమా చూడలేదు, పక్కన నిలబడి తల్లినే చూస్తున్నాడు. నేను ఒక కన్ను తెర మీద, ఒక కన్ను ఆమె మీద పెట్టాను.

నీడ వచ్చినప్పుడు పిల్లలు తల్లుల ఒళ్లోకి జరిగారు, కొంగలు లేస్తే చప్పట్లు కొట్టారు. చక్రం దొర్లింది, కిరీటం పోయింది. పులి చూపు మెల్లగా కిందికి దిగింది. అల్లరంతా దానంతట అదే అణిగిపోయింది. తెల్లటి గుడ్డ లేచి తెరంతా నిండినప్పుడు మాకు కనబడింది బొమ్మ గుడ్డో, మేం నేసిన గుడ్డో తెలియలేదు. అది దిగింది. కింద మనిషి ఉన్నాడు. చారలు వచ్చాయి, గళ్లు వచ్చాయి. రుషి నిలబడే ఉన్నాడు.

చంద్రవ్వ లేవలేదు. రెండు చేతులూ ఎత్తి తెరకు దండం పెట్టింది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడ్చింది. పదిహేనేళ్లలో ఆమె ఏడవడం వాడలో ఎవరూ చూడలేదు. పక్కనున్న ఆడవాళ్లు ఆమెను పట్టుకున్నారు. లక్ష్మీరాజం గుడి గోడకు తల ఆనించుకొని నిలబడ్డాడు. నాకూ కళ్లలో నీళ్లు తిరిగాయి, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

మర్నాడు పొద్దున ఆమె కొడుకును పిలిచి, "బిడ్డా, నీ బాపుకు గుడ్డ కప్పుదాం" అన్నది.

చెన్నూరు దగ్గర గోదావరి ఒడ్డుకు పోయాం. దర్భలతో మనిషి బొమ్మ చేశారు. దాని మీద కప్పే పంచెకు నూలు చుట్టింది చంద్రవ్వ, చేతిమగ్గం మీద నేసింది లక్ష్మీరాజం. చుట్టూ అందరం నిలబడ్డాం. నిప్పు పెట్టే ముందు బ్రాహ్మణుడు తొందరపెడుతుంటే చంద్రవ్వ ఒక్క మాటే అన్నది, "జర సూసుకోనీయుండ్రి." అందరూ ఆగారు. ఆమె కళ్ల నిండా చూసుకొని, తనే తప్పుకొని దారిచ్చింది. బొట్టూ మెట్టెలూ తీసేసింది; ఆ తర్వాత పెళ్లిళ్లలో కుంకుమ భరిణె పట్టుకున్నవాళ్లెవరూ ఆమె దగ్గర ఆగి తటపటాయించలేదు. ఆమె బాధ బాధే, కానీ ఇప్పుడు దానికి ఒక పేరుంది, తేదీ ఉంది, ఏటేటా తద్దినం ఉంది.

లక్ష్మీరాజం మళ్లీ సినిమాకేమీ రాయలేదు. కైలాసం రెండుమూడు సార్లు అడిగాడు గాని, "నాకు వచ్చిన యుద్ధం గదొక్కటే" అని నవ్వేవాడు. లూం నడిపాడు, పాటలు కట్టాడు, బీడీలు తాగి దగ్గు తెచ్చుకున్నాడు. ఆ రీలు బొంబాయిలో ఏ మూల ఉందో, అసలు ఉందో లేదో నాకు తెలియదు.

పర్శరాములు మాత్రం ఏటా పటం పట్టుకొని వస్తూనే ఉన్నాడు. కర్మ అయిన మరుసటి ఏడు కూడా వచ్చాడు. యుద్ధం చెప్పాడు, రాక్షసుడు కింద పడ్డాడు. చంద్రవ్వ ఈసారి ముందు వరసలోనే కూర్చుంది. అతను పటం చుట్టబోతుంటే, "జర ఆగు నాయినా" అన్నది. పర్శరాములు బెత్తం దించి, చుట్టబోయిన గుడ్డను అట్లాగే పట్టుకొని నిలబడ్డాడు. వాడంతా ఆ పడ్డవాణ్ని చూసింది. కాసేపటికి ఆమె తల ఊపింది, అప్పుడు చుట్టాడు.

ఇప్పుడు మా వాడలో అదే ఆచారం అయిపోయింది. ఎందుకని ఏ పిల్లవాడినైనా అడిగి చూడండి, పటం చెప్పడమంటే అంతే గదా అంటాడు.